రాత్రి పదకొండుకి గేటుకు పడే తాళం: హాస్టల్, పీజీ యజమానులకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో హాస్టళ్లు, పీజీలు నడుపుతున్న యజమానులకు, వార్డెన్లకు,

నమస్కారం.

ఫైర్ అలారంలు బిగించడం, పాడైతే బాగు చేయడం నా వృత్తి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి, మాదాపూర్ వైపు హాస్టళ్లలోకి పని మీద వస్తూ ఉంటాను. పగలు వచ్చినప్పుడు కనపడనిది ఒకటి, పని ఆలస్యమై రాత్రి ఆగినప్పుడు కనపడుతుంది. పదిన్నరో పదకొండో కాగానే మెయిన్ గేటుకు లోపలి నుంచి తాళం పడుతుంది. తాళంచెవి వార్డెన్ గదిలోకి వెళ్తుంది. ఇక తెల్లవారి పాల ప్యాకెట్లు వచ్చేదాకా, అరవై డెబ్బై మంది నిద్రపోతున్న ఆ బిల్డింగుకు బయటికి దారి లేనట్టే. ఈ లేఖ ఆ తాళం గురించి, దానితో ముడిపడిన అలారం గురించి, వంటగది గురించి.

తాళం ఎందుకు వేస్తారో నాకు తెలుసు. లాప్‌టాప్‌లు, ఫోన్లు పోతే మాట పడేది మీరు. లేడీస్ హాస్టల్ అయితే, చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు అన్నిటికంటే ముందు అడిగేది "గేటు ఎన్నింటికి వేస్తారండీ?" అనే. గట్టిగా తాళం వేస్తామని చెబితేనే వాళ్లకు ధైర్యం. కాబట్టి మీరు పిల్లల మీద పట్టింపు లేక ఈ పని చేస్తున్నారని నేను అనడం లేదు. పట్టింపు ఉండే చేస్తున్నారు. అందుకే ఒక సంఘటన మీకు చెప్పాలి.

2023 మే 21 రాత్రి, దక్షిణ అమెరికాలోని గయానా దేశంలో మహ్దియా అనే ఊళ్లో ఆడపిల్లల స్కూల్ హాస్టల్ కాలిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలు వాళ్లు. రాత్రిపూట బయటికి వెళ్లిపోకుండా, వాళ్ల క్షేమం కోసమేనని, హాస్టల్ చూసుకునే ఆవిడ తలుపులకు తాళాలు వేసేది. కిటికీలకు ఇనుప గ్రిల్స్. మంటలు లేచాక ఆ కంగారులో ఆవిడకు తాళంచెవులు దొరకలేదని అధికారులు చెప్పారు. ఫైర్ సిబ్బంది గోడలకు కన్నాలు కొట్టి కొందరిని బయటికి లాగారు. దాదాపు ఇరవై మంది చనిపోయారు. వాళ్లలో ఆ హాస్టల్ చూసుకునే ఆవిడ ఐదేళ్ల కొడుకు కూడా ఉన్నాడు. నిప్పు ఎవరు పెట్టారన్నది వేరే కేసు. ఆ నిప్పు అంతమందిని తీసుకుపోవడానికి కారణం తాళమూ గ్రిల్సూ.

కన్నబిడ్డ లోపలే ఉన్న మనిషికి కూడా ఆ క్షణంలో తాళంచెవి దొరకలేదు. "మా వార్డెన్ ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది, గట్టిగా పిలిస్తే లేచి తీస్తుంది" అని మీరు చెప్పినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే.

ఇక మన బిల్డింగుల సంగతికి వద్దాం. నేను ఎక్కువగా చూసే హాస్టల్ ఇలా ఉంటుంది. చిన్న ప్లాటులో స్టిల్టు, దాని మీద నాలుగు అంతస్తులు. స్టిల్టులో బైకులు, స్కూటర్లు, ఈ మధ్య ఛార్జింగ్‌లో పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్లు. మెట్లు ఒక్కటే. ఆ మెట్ల మొదట్లోనే గోడకు మీటర్ బోర్డు, దాని కింద చెప్పుల స్టాండు, పాత పరుపులు. వంటగది కింద వెనకవైపు. గేటు మెట్లకు ఎదురుగా. టెర్రస్ తలుపుకు ఇంకో తాళం.

ఇందులో మంట ఎక్కడ మొదలయ్యే అవకాశం ఎక్కువో చూడండి. మీటర్ బోర్డు, ఛార్జర్లు, వంటగది, మూడూ కిందే. పొగ పైకే వెళ్తుంది, వెళ్లడానికి దానికి తెరిచిన దారి ఆ మెట్లే. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో జరిగింది ఇదే. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం దగ్గర మొదలైన మంట తాలూకు పొగ మెట్ల గుండా పైనున్న లాడ్జి అంతస్తులను నింపేసింది. ఎనిమిది మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువమందిని చంపేది మంట కాదు, పొగ. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లను పొగ వాసన లేపుతుందని నమ్ముకోవడానికి వీల్లేదు. చాలామందికి మెలకువ రానే రాదు. అదే పొగ నిద్రను ఇంకా మత్తుగా మారుస్తుంది.

ఇప్పుడు ఈ బిల్డింగులో రాత్రి రెండున్నరకు స్కూటర్ ఛార్జర్ దగ్గర నిప్పు పుట్టిందనుకుందాం. అలారం లేదు. మొదటి అంతస్తులో ఎవరో దగ్గుతూ లేచి తలుపు తీస్తారు, అరుస్తారు. కరెంటు పోతుంది. అందరూ చీకట్లో ఆ ఒక్క మెట్లవైపే వస్తారు. కింది అంతస్తు వాళ్లు గేటు దగ్గరికి చేరతారు, తాళం ఉంది. పైవాళ్లు వెనక నుంచి దిగుతూనే ఉంటారు. అంటే గేటు తీసేదాకా జనమంతా నిలబడేది మంటకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న చోట. వార్డెన్ గది ఆ పొగకు అవతల పక్కన ఉంటే తాళంచెవి కూడా అవతలే.

మన దేశంలో నేషనల్ బిల్డింగ్ కోడ్ దీని గురించి సూటిగా చెప్పింది. బయటికి వెళ్లే తలుపును లోపలి వైపు నుంచి తాళంచెవితో పని లేకుండా తీయగలగాలి. "మాది నివాస భవనం, ఎత్తు పద్దెనిమిది మీటర్లు దాటదు, మాకు ఫైర్ ఎన్‌ఓసీ అక్కర్లేదు" అని మీలో కొందరు నాతో అన్నారు. ఎన్‌ఓసీ సంగతి ఎలా ఉన్నా, బయటి దొంగను ఆపుతూనే లోపలి మనిషికి దారి ఇచ్చే గడియలు బజారులో ఉన్నాయి.

అన్నిటికంటే సులువైనది, బయట తాళంచెవితో, లోపల చేత్తో తిప్పే నాబ్‌తో పనిచేసే లాక్. గేటు జాలీగా ఉంటే బయటివాళ్లు చెయ్యి పెట్టి తిప్పకుండా నాబ్ చుట్టూ రేకు కొట్టించాలి. ఎక్కువమంది ఉండే చోట తలుపుకు అడ్డంగా ఉండే పుష్ బార్ మంచిది. చీకట్లో, తోపులాటలో కూడా ఒంటితో నెడితే తెరుచుకుంటుంది. రోలింగ్ షట్టర్, మడత గేటు మాత్రం ఏ లాక్ పెట్టినా రాత్రి దారిగా పనికిరావు. జనం మీద పడుతుంటే వాటిని పక్కకు జరపడం, పైకి ఎత్తడం కుదరదు. షట్టర్ తప్పదనుకుంటే దాని పక్కన మనిషి పట్టే తలుపు ఒకటి ఉండాలి.

"అలా అయితే అర్ధరాత్రి ఎవరైనా గేటు తెరుచుకుని వెళ్లిపోతారు కదా" అంటారు. దానికి తాళం అక్కర్లేదు. తలుపు తెరవగానే గట్టిగా మోగే చిన్న డోర్ అలారం పెట్టండి, కెమెరా ఎలాగూ ఉంది. ఎవరు తీసినా వార్డెన్‌కు మెలకువ వస్తుంది. తల్లిదండ్రులకు కూడా ఇదే చెప్పవచ్చు: "గేటు వేస్తాం, బయటి నుంచి ఎవరూ రాలేరు, లోపలి నుంచి తీస్తే మోగుతుంది, ప్రమాదం వస్తే మీ అమ్మాయి తనంతట తాను బయటపడగలదు." నేను మాట్లాడిన తల్లిదండ్రులు ఎవరూ దీనికి కాదనలేదు.

వేలిముద్రతో తెరుచుకునే గేట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వీటిని పెట్టించుకున్నవాళ్లు తమకు తాళం సమస్య లేదనుకుంటున్నారు. తలుపు పైన ఉండే ఆ అయస్కాంతం లాక్ సాధారణంగా 280 కిలోల బలంతో పట్టుకుంటుంది. దాన్ని భుజంతో నెట్టి తీయడం అయ్యే పని కాదు. కరెంటు పోతే అది వదిలేయాలి, నిజమే. కానీ దానికి బ్యాటరీ బ్యాకప్ ఉంటుంది కాబట్టి మెయిన్ పోయినా పట్టుకునే ఉంటుంది. అందుకని రెండు పనులు చేయించాలి. ఫైర్ అలారం మోగగానే లాక్‌కు వెళ్లే సప్లై దానంతట అదే తెగిపోయేలా వైరింగ్ కలపాలి. తలుపు పక్కన లోపలివైపు, నొక్కితే నేరుగా ఆ సప్లైనే తెంచే ఆకుపచ్చ ఎమర్జెన్సీ బాక్స్ ఉండాలి. మామూలు ఎగ్జిట్ బటన్ దీనికి సమానం కాదు. అది కంట్రోలర్ ద్వారా పనిచేస్తుంది, కంట్రోలర్ కాలిపోతే ఆ బటన్ నొక్కినా ఏమీ కాదు. మీ దగ్గర ఎలా ఉందో తెలుసుకోవడం కష్టం కాదు. ఒక రాత్రి మెయిన్ ఆపేసి, వార్డెన్‌ను పిలవకుండా, వేలిముద్ర పెట్టకుండా తలుపు తీయించి చూడండి.

గేటు తెరుచుకున్నా మనుషులు లేవకపోతే ఉపయోగం లేదు. అందుకే అలారం.

చాలా హాస్టళ్లలో అలారం అంటే కింద రిసెప్షన్ దగ్గర ఒక ప్యానెల్, ఒక హూటర్. దాంతో నాలుగో అంతస్తులో నిద్రపోతున్న మనిషి లేవాలంటే ఎలా? నిద్ర లేపడానికి దిండు దగ్గర 75 డెసిబెల్స్ శబ్దం ఉండాలన్నది ఈ రంగంలో వాడే లెక్క. మామూలు స్మోక్ అలారం మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ ఇస్తుంది. దూరం రెట్టింపైతే సుమారు ఆరు తగ్గుతుంది. అంటే ఆరు మీటర్ల దగ్గర 79. మధ్యలో మూసిన తలుపు ఉంటే ఇంకో ఇరవై దాకా పోతుంది. మిగిలేది అరవై లోపు. పైన ఫ్యాను, కూలర్ చప్పుడు. కొందరు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే పడుకుంటారు. కారిడార్‌లో అలారం ఉన్నా, తలుపు మూసుకున్న గదిలో అది చాలదన్నమాట. ఇక కింద రిసెప్షన్‌లోని హూటర్ గురించి చెప్పేదేముంది.

అందుకే ప్రతి గదిలో ఒక అలారం, కారిడార్‌లో ఒకటి, మెట్ల పైభాగంలో ఒకటి ఉండాలి. వాటిని ఒకదానితో ఒకటి కలపాలి, అంటే కింద ఒకటి పొగ పసిగట్టినా అన్నీ ఒకేసారి మోగాలి. గోడలు కొట్టి వైర్లు లాగే పని లేకుండా వైర్‌లెస్‌గా కలిసేవి దొరుకుతున్నాయి. కొనేటప్పుడు పదేళ్లు వచ్చే సీల్డ్ బ్యాటరీ ఉన్నవి తీసుకోండి. మార్చుకునే బ్యాటరీ ఉన్నవాటిలో ఛార్జ్ తగ్గగానే కాసేపటికోసారి కిచ్ కిచ్‌మని చప్పుడు వస్తుంది. రాత్రి నిద్ర చెడుతోందని ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు, దాన్ని మళ్లీ పెట్టేవాళ్లు ఉండరు. సీలింగ్ మీద డబ్బా మాత్రం ఉంటుంది. ఒక గది అలారానికి అయ్యే ఖర్చు ఆ గదిలో ఒక మంచానికి మీరు తీసుకునే నెల అద్దె కంటే తక్కువే.

మీ దగ్గర ఇప్పటికే ప్యానెల్ ఉంటే, ముందు అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఒక హాస్టల్‌లో రిపేరుకు వెళ్లి చూస్తే అంతా కొత్త సామానే, ఒక్క డిటెక్టర్ కూడా పాడవలేదు. కానీ వంటగది ఉన్న జోన్ మొత్తాన్ని ఐసొలేట్ చేసి, అంటే ప్యానెల్‌లో ఆపేసి పెట్టారు, హూటర్‌ను మ్యూట్ చేశారు. రోజూ ఉదయం పోపు వేయగానే అలారం మోగుతోందట. అక్కడ తప్పు వంట మనిషిది కాదు, డిటెక్టర్ బిగించినవాళ్లది. వంటగదిలో పొగ డిటెక్టర్ పెట్టకూడదు. అక్కడ వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ ఉండాలి. పోపు పొగకు, చపాతీల పొగకు అది మోగదు. మంట లేచి గది వేడెక్కితేనే మోగుతుంది. దాన్ని అలా మార్చగానే ఆ జోన్‌ను మళ్లీ ఆన్ చేయగలిగారు. పొద్దున్నే అనవసరంగా మోగే అలారాన్ని రాత్రి ఎవరూ నమ్మరు, కాబట్టి ఇది చిన్న విషయం అనుకోకండి.

వంటగదిలో ఇంకోటి గ్యాస్. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి గ్యాస్ డిటెక్టర్‌ను నేల నుంచి అడుగు ఎత్తులో పెట్టాలి. సీలింగ్ దగ్గర పెట్టినవి నేను చాలా చూశాను, అవి మోగేసరికి గది నిండిపోయి ఉంటుంది. రాత్రి వంట అయ్యాక స్టవ్ నాబ్ కట్టేస్తే సరిపోదు, సిలిండర్ దగ్గర కూడా కట్టేయాలి. సిలిండర్లు మెట్ల కింద ఉంటే ఈ వారమే బయట గాలి ఆడే చోటికి మార్పించండి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదనీ, స్టవ్ ఆపి మూత పెట్టాలనీ వంట మనుషులందరికీ ఒకసారి చేసి చూపించాలి. వాళ్లు తరచూ మారుతుంటారు, కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా చూపించాలి.

కానీ వంటగదిని మించిన ప్రమాదం, వంటగది మూశాక గదుల్లో జరిగే వంట. రాత్రి తొమ్మిదిన్నరకు మీరు వంటగదికి తాళం వేస్తారు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లకు, పరీక్షలకు చదివేవాళ్లకు పన్నెండుకి ఆకలి వేస్తుంది. కెటిల్‌లో నూడుల్స్, మంచం పక్కన ఇండక్షన్ స్టవ్ మీద గుడ్లు. మీరు నోటీసు పెట్టారు, దొరికితే ఫైన్ వేస్తామన్నారు. దాంతో వాళ్లు ఆ వస్తువులను బట్టల కింద దాస్తున్నారు. వేడి తగ్గని కెటిల్‌ను కూడా.

లెక్క చూడండి. మంచాల పక్కన ఉండే ప్లగ్గులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఆరు ఆంపియర్లవి. 230 వోల్టుల మీద అవి మోయగలిగేది సుమారు 1,380 వాట్లు. 1,500 వాట్ల కెటిల్ ఒక్కటే దాన్ని దాటేస్తుంది. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ తొమ్మిది ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. వాటితో పాటు అదే బాక్సులో రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్, ఒక ఇస్త్రీ పెట్టె. వైరు పరుపు కింద నుంచి వెళ్తుంటే వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. ఎంసీబీ ట్రిప్ అవుతుందిలే అనుకోవద్దు. ఆ గదికి పదహారు ఆంపియర్ల ఎంసీబీ ఉంటే తొమ్మిది ఆంపియర్లకు అది కదలదు. ఆరు ఆంపియర్ల బాక్సు మాత్రం కరగడం మొదలవుతుంది. బాక్సు ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారడం, ప్లగ్గు పీకినప్పుడు పిన్నులు కాలేంత వేడిగా ఉండడం, కాలిన చేప లాంటి వాసన రావడం, ఇవి ముందే కనపడే గుర్తులు. గదులు ఊడ్చే ఆయమ్మకు ఈ మూడూ చెప్పి పెట్టండి. రోజూ ప్రతి గదిలోకి వెళ్లేది ఆమే.

నిషేధం కంటే బాగా పనిచేసేది నేను ఒకచోట చూశాను. ప్రతి అంతస్తులో కారిడార్ చివర చిన్న గట్టు కట్టి, పదహారు ఆంపియర్ల పాయింట్లతో ఒక కెటిల్, ఒక ఇండక్షన్ స్టవ్ పెట్టారు. దానికి వేరే ఎంసీబీ, పైన హీట్ డిటెక్టర్, పక్కన ఫైర్ బ్లాంకెట్. రాత్రంతా తెరిచే ఉంటుంది. గదుల్లో వంట దాదాపు ఆగిపోయింది. గ్యాస్ మాత్రం అక్కడ పెట్టలేదు, అది సరైన నిర్ణయం.

తాళం తీసి, అలారం పెట్టి కూడా మిగిలే ప్రమాదం ఒకటుంది, దాచకుండా చెప్పాలి. మెట్ల మొదట్లోనే మంట లేస్తే గేటు తెరిచే ఉన్నా దిగలేరు. అందుకే మీటర్ బోర్డు చుట్టూ ఉన్న సామాను తీసేయాలి, స్కూటర్ ఛార్జింగ్‌ను మెట్లకు దూరంగా, వీలైతే ప్రహరీ పక్కకు మార్చాలి. మెట్ల మీద బ్యాటరీ ఎమర్జెన్సీ లైట్లు ఉండాలి. ప్రతి అంతస్తులో వీధివైపు ఒక గ్రిల్‌కైనా లోపలి నుంచి గడియ తీస్తే తెరుచుకునే తలుపు చేయించాలి. పిల్లలకు కూడా చెప్పాలి: తలుపును అరచేతి వెనక భాగంతో తాకి చూడండి, వేడిగా ఉన్నా, సందుల్లోంచి పొగ వస్తున్నా తీయకండి, తడి తువ్వాలు అడుగున కుక్కి కిటికీ దగ్గరికి వెళ్లి 101కి ఫోన్ చేసి ఏ అంతస్తు, ఏ వైపు గది అన్నది చెప్పండి. మూసిన చెక్క తలుపు ఫైర్ ఇంజన్ వచ్చేదాకా విలువైన సమయం ఇస్తుంది. గదులను ప్లైవుడ్‌తో, పీవీసీ షీట్లతో చీల్చి మంచాలు పెంచినవాళ్లకు ఆ సమయం కూడా ఉండదు. 2020 ఫిబ్రవరిలో చండీగఢ్‌లో ఒక పీజీలో మంట లేచి ముగ్గురు అమ్మాయిలు చనిపోయారు. అలాంటి చోట మీ పిల్లలు ఉంటే మీరు ఏ గోడలు అడుగుతారో, ఇక్కడా అవే కట్టించండి.

మున్సిపల్ అధికారులకు, ఫైర్ శాఖ వారికి కూడా ఒక మాట. ట్రేడ్ లైసెన్స్ చూడడానికి మీరు వచ్చేది పగలు. పగలు గేటు బార్లా తెరిచి ఉంటుంది, టెర్రస్ మీద బట్టలు ఆరేస్తుంటారు, మంట ఆర్పే సిలిండర్ గోడకు వేలాడుతూ కనపడుతుంది. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉంటాయి. లైసెన్స్ రెన్యువల్‌కు ముందు ఒక్కసారి రాత్రి పదకొండున్నరకు రండి. నాలుగో అంతస్తులో ఉండే ఒకరిని, వార్డెన్ సాయం లేకుండా, రోడ్డు మీదికి వచ్చి చూపించమనండి. వాళ్లు రాగలిగితే రెన్యువల్ చేయండి. రాలేకపోతే, గడియ మార్పించేదాకా ఆపండి.

యజమానులకు నా విన్నపం. వచ్చే శనివారం రాత్రి పదకొండు తర్వాత, ముందు రోజే అందరికీ చెప్పి, అలారం మోగించండి. మీరు పై అంతస్తు చివరి గదిలో తలుపు మూసుకుని కూర్చోండి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఏదైనా దిండు మీద పెట్టండి, అంకె ఎంత వస్తుందో చూడండి. వార్డెన్‌ను ఆ రాత్రి ఊరికి పంపండి. లైట్లు ఆపి, అందరూ రోడ్డు మీదికి చేరేదాకా టైము చూడండి. మెట్ల మీద ఎవరు ఎక్కడ ఆగారు, ఏది కాలికి తగిలింది, గేటు ఎవరు తీశారు అన్నది రాసి పెట్టుకోండి. గేటు దగ్గర ఎవరైనా "తాళంచెవి ఎక్కడ?" అని అడగాల్సి వస్తే, సోమవారం ఆ లాక్ మార్పించండి. మిగతా పనులకు నెల పట్టినా పరవాలేదు, దానికి మాత్రం ఆలస్యం చేయకండి.

ఇట్లు,
మీ బిల్డింగుల్లో అలారంలు బిగించే ఒక టెక్నీషియన్
హైదరాబాద్